యంత్రం రాసిన వాక్యం ఎప్పుడు పట్టుబడుతుంది? టెంపరేచర్, మోడల్ పరిమాణాలపై ఒక సమీక్ష

భాషా మోడళ్లు పుట్టించిన పాఠాన్ని మనిషి రాసిన పాఠం నుంచి వేరు చేయడం సాధ్యమేనా అన్న ప్రశ్నపై 2019 నుంచి చాలా పరిశోధన జరిగింది. అయితే ఆ పరిశోధనలో కనిపించే శాతాలను పక్కపక్కన పెట్టి చదివితే అవి ఒకదానికొకటి పొసగవు. ఒకచోట యంత్రరచన దాదాపు ప్రతిసారీ దొరికిపోయినట్టు ఉంటుంది, మరొకచోట నాణెం ఎగరేసి చెప్పినదానికి కాస్త మెరుగుగా మాత్రమే ఉంటుంది. ఈ వైరుధ్యంలో పెద్ద భాగం రెండు విషయాలను కలిపి చూడకపోవడం వల్ల వచ్చింది. మొదటిది మోడల్ పరిమాణం, అంటే శిక్షణలో సర్దుకునే సంఖ్యలు దానిలో ఎన్ని ఉన్నాయన్నది. రెండవది మోడల్ ముందుంచిన సంభావ్యతల నుంచి తర్వాతి పదాన్ని ఎన్నుకునే పద్ధతి. దానిలో అందరికీ తెలిసిన మీటే టెంపరేచర్. వాడుకలో చర్చ ఎప్పుడూ పరిమాణం చుట్టూ తిరుగుతుంది: మోడల్ పెద్దదైతే ఇక పట్టుకోలేరని కొందరు, పట్టుకోవచ్చని కొందరు వాదిస్తారు. అందుబాటులో ఉన్న సాక్ష్యాన్ని నిదానంగా చదివితే మాత్రం పట్టుబడటాన్ని ఎక్కువగా నిర్ణయించేది ఎన్నిక పద్ధతే అనీ, మోడల్ పెద్దదయ్యేకొద్దీ ఆ పద్ధతి వాటా ఇంకా పెరుగుతుందనీ తేలుతుంది.

టెంపరేచర్ చేసే పనిని ఒక్క వాక్యం మీద చూడవచ్చు. "విశాఖపట్నం నుంచి వచ్చిన రైలు తునిలో" అన్నంతవరకు రాసిన తర్వాత ఒక మోడల్ నాలుగు కొనసాగింపులను పరిగణిస్తున్నదని, వాటికి అది ఇచ్చిన సంభావ్యతలు ఇవని అనుకోవాలి: "ఆగింది" 50 శాతం, "నిలిచింది" 30 శాతం, "నిలిచిపోయింది" 15 శాతం, "సేదతీరింది" 5 శాతం. టెంపరేచర్ 1 వద్ద ఉంటే ఈ సంభావ్యతలను ఉన్నవి ఉన్నట్టుగా తీసుకొని చీటీ తీసినట్టు ఒక పదాన్ని ఎన్నుకుంటారు. టెంపరేచర్‌ను 0.5కు తగ్గిస్తే ప్రతి సంభావ్యతను వర్గం చేసి, మొత్తం మళ్లీ నూరయ్యేలా సర్దుతారు. అప్పుడు "ఆగింది" 68 శాతానికి పైగా ఎగబాకుతుంది, "నిలిచింది" 25 శాతం దగ్గరకు, "నిలిచిపోయింది" 6 శాతానికి పడిపోతాయి, "సేదతీరింది" ఒక శాతం కూడా మిగలదు. టెంపరేచర్‌ను 2కు పెంచితే వర్గానికి బదులు వర్గమూలం తీస్తారు. "ఆగింది" 38 శాతానికి దిగి, "సేదతీరింది" 12 శాతానికి పెరుగుతుంది. టెంపరేచర్ సున్నాకు చేరితే ఎంపిక అన్నదే ఉండదు, ప్రతిసారీ మొదటి పదమే వస్తుంది. ఈ మీట మోడల్‌కు తెలిసిన విషయాన్ని పెంచదు, తగ్గించదు. తెలిసినదానిలో ఎంత ధైర్యంగా పక్కకు జరగాలన్నది మాత్రమే అది నిర్ణయిస్తుంది.

పట్టుకునే పని ఎక్కడ మొదలవుతుందో కూడా ఈ నాలుగు పదాలే చూపుతాయి. ఒక పదం ఎంత ఊహించరానిదో కొలిచే సంఖ్యను ఇక్కడ అనూహ్యత అనవచ్చు. సగం సంభావ్యత ఉన్న పదానికి అది ఒక బిట్, సంభావ్యత సగమైన ప్రతిసారీ మరొక బిట్ పెరుగుతుంది. ఆ లెక్కన "ఆగింది" 1 బిట్ అయితే "సేదతీరింది" సుమారు 4.3 బిట్లు. పై మోడల్ అసలు సంభావ్యతలతోనే కొలిస్తే, టెంపరేచర్ 1 వద్ద పుట్టే పదాల సగటు అనూహ్యత 1.65 బిట్లు, 0.5 వద్ద 1.31, 2 వద్ద 1.98. అంటే టెంపరేచర్ తగ్గించిన పాఠం ప్రతి పదానికి దాదాపు 0.34 బిట్ల మేర ఎక్కువ ఊహించదగినదిగా మారుతుంది. ఒక్క పదంలో ఈ తేడాకు అర్థం లేదు, ఎందుకంటే పదం నుంచి పదానికి అనూహ్యతలో సహజంగా ఉండే ఊగిసలాట అంతకు రెట్టింపుకు మించి, 0.86 బిట్ల దాకా ఉంటుంది. ఇరవై పదాల వాక్యంలో సగటు తీస్తే ఆ ఊగిసలాట 0.19కి తగ్గుతుంది, తేడా దానికి రెండు రెట్లు కూడా లేదు కనుక తీర్పు చెప్పడం సాహసమే. రెండు వందల పదాల వార్తలో అది 0.06కు తగ్గి, తేడా దానికి అయిదు రెట్లు దాటుతుంది. పొట్టి పాఠం మీద ఏ సాధనమూ ఎందుకు నిలకడగా పనిచేయదో దీనివల్ల అర్థమవుతుంది. ఓపెన్‌ఏఐ 2023 జనవరి 31న విడుదల చేసిన గుర్తింపు సాధనానికి కనీసం వెయ్యి అక్షరాలు కావాలని ఆ సంస్థే చెప్పింది. అయినా అది యంత్రరచనలో 26 శాతాన్నే పట్టి, మనుషుల రచనలో 9 శాతాన్ని పొరపాటున యంత్రానిదిగా లెక్కించింది, అదే ఏడాది జులైలో దానిని ఉపసంహరించారు.

పై లెక్కలో ఒక ఊహ దాగి ఉంది: మనిషి కూడా ఆ నాలుగు పదాలను సరిగ్గా ఆ మోడల్ చెప్పిన నిష్పత్తిలోనే వాడుతాడన్నది. అది నిజమైతే టెంపరేచర్ 1 వద్ద పుట్టిన పాఠాన్ని ఎవరూ పట్టలేరు. నిజానికి ఏ మోడల్ అంచనా అయినా మనిషి వాడుకకు దగ్గరగా రాగలదే తప్ప దానితో ఏకం కాదు, ఆ మిగిలిన దూరమే మోడల్ పరిమాణంతో తగ్గేది. కాబట్టి యంత్రరచనకు మనిషి రచన నుంచి దూరం రెండు చోట్ల పుడుతుంది. ఒకటి మోడల్ సరిగా నేర్చుకోలేకపోవడం వల్ల వచ్చేది, రెండవది నేర్చుకున్నదాన్ని కావాలని ఒక వైపుకు వంచడం వల్ల వచ్చేది. మొదటిదాన్ని ఖర్చు పెట్టి తగ్గించవచ్చు. రెండవది మాత్రం వాడేవారు మీట తిప్పిన ప్రతిసారీ కొత్తగా పుడుతుంది.

ఈ రెండింటినీ విడదీసి చూపే సాక్ష్యం జీపీటీ-2 విడుదల సందర్భంగా దొరికింది. ఓపెన్‌ఏఐ ఆ మోడల్‌ను 2019 ఫిబ్రవరి నుంచి నవంబర్ దాకా దఫదఫాలుగా నాలుగు పరిమాణాల్లో బయటపెట్టింది. వాటిలో చిన్నదానికి 12.4 కోట్ల పరామితులు, పెద్దదానికి 150 కోట్లు. వాటితోపాటు ప్రతి పరిమాణం నుంచి రెండు రకాలుగా పుట్టించిన పాఠాలను, రకానికి రెండున్నర లక్షల చొప్పున, మనుషుల పాఠాలతో కలిపి పరిశోధకులకు ఇచ్చింది. మొదటి రకం టెంపరేచర్ 1 వద్ద ఏ కోతా లేకుండా తీసినది. రెండవ రకం ప్రతి అడుగులోనూ అత్యధిక సంభావ్యత ఉన్న నలభై టోకెన్లను మాత్రమే ఉంచి, మిగిలినవన్నీ కొట్టేసి తీసినది. దీన్ని టాప్-కె అంటారు. ఇది టెంపరేచర్ తగ్గించడం కాకపోయినా దాని దిశ అదే: జాబితా తోకను కోసి, బరువును ముందువరుసకు చేర్చడం. టోకెన్ అంటే మోడల్ ఒక్కసారిగా రాసే ముక్క, అది పూర్తి పదం కావచ్చు, పదంలో భాగం కావచ్చు.

పట్టుకోవడానికి వాడిన మొదటి సాధనం చాలా సాదాసీదాది. ఏ పదాలు, ఏ పదాల జంటలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కించి, ఆ లెక్కల ఆధారంగా మనిషిదా యంత్రానిదా అని తేల్చే పాత గణాంక పద్ధతి అది. వాక్యార్థంతో దానికి సంబంధం లేదు. రెండు రకాల పాఠాలూ సమానంగా ఉన్నప్పుడు ఊరికే ఊహించి చెప్పినా 50 శాతం ఒప్పవుతుంది. కోత లేని పాఠాలపై ఈ సాధనం చిన్న మోడల్ విషయంలో 88 శాతం, పెద్ద మోడల్ విషయంలో 74 శాతం సరిగా చెప్పగలిగింది. నలభైకి కోసిన పాఠాలపై అదే సాధనం చిన్న మోడల్‌కు 97 శాతం, పెద్ద మోడల్‌కు 93 శాతం ఒప్పు చెప్పింది.

ఈ నాలుగు సంఖ్యలను అడ్డంగా, నిలువుగా రెండు విధాలా చదవాలి. కోత లేనప్పుడు పరిమాణాన్ని పన్నెండు రెట్లు పెంచితే పట్టుబడటం 14 పాయింట్లు తగ్గింది. కోత ఉన్నప్పుడు అదే పెంపుకు లాభం 4 పాయింట్లే. రెండవ దిశలో చూస్తే, కోత వల్ల చిన్న మోడల్ 9 పాయింట్లు అదనంగా పట్టుబడింది, పెద్ద మోడల్ 18 పాయింట్లకు పైగా అదనంగా పట్టుబడింది. పెద్ద మోడల్ తనంతట తాను మనిషి వాడుకకు దగ్గరగా వచ్చింది కనుక, దాన్ని అక్కడినుంచి పక్కకు నెట్టినప్పుడు పోగొట్టుకున్నదీ ఎక్కువే. మరో వివరం కూడా ఆ ఫలితాల పట్టికలో ఉంది. రెండవ పరిమాణపు మోడల్ కోత లేని పాఠంలో అన్నిటికన్నా చిన్నదానికంటే కొంచెం ఎక్కువగానే, దాదాపు 89 శాతం, పట్టుబడింది. పరిమాణం పెరిగితే పట్టుబడటం ప్రతి మెట్టులోనూ తప్పకుండా తగ్గుతుందన్న మాట సగటు ధోరణికే తప్ప ప్రతి జంటకూ వర్తించదు.

ఇంతకన్నా బలమైన సాధనం వాడినప్పుడు చిత్రం కొంత మారింది. రోబర్టా అనే, 35 కోట్లకు పైగా పరామితులున్న మోడల్‌ను ఈ పనికి ప్రత్యేకంగా శిక్షణ ఇస్తే, తనకన్నా నాలుగు రెట్లు పెద్దదైన జీపీటీ-2 రచనను అది సుమారు 95 శాతం సరిగా గుర్తించింది. పెద్ద మోడల్ రచనపై శిక్షణ పొందిన సాధనం చిన్న మోడళ్ల రచనను సునాయాసంగా పట్టగలిగింది గానీ, చిన్నవాటిపై నేర్చుకున్నది పెద్దదాని ముందు తడబడింది. మనుషుల విషయంలో మరో కొలత ఉంది: కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసిన సర్వేలో పాఠకులు విశ్వసనీయతకు పదికి ఇచ్చిన మార్కులు 35.5 కోట్ల పరామితుల మోడల్‌కు 6.07, 77.4 కోట్లదానికి 6.72, 150 కోట్లదానికి 6.91. మొదటి మెట్టులో కనిపించిన లాభం రెండవ మెట్టులో దాదాపు ఆవిరైంది. ఒక హద్దు దాటాక పరిమాణంలో వచ్చే తేడా మనిషి కంటికి ఆనదు.

టెంపరేచర్‌ను పెంచుకుంటూ పోతే తప్పించుకోవచ్చా అన్నది తర్వాతి ప్రశ్న. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, అలెన్ సంస్థల పరిశోధకులు 2019లో తయారుచేసిన గ్రోవర్ అనే వార్తా మోడల్ దీనికి చక్కటి జవాబు ఇచ్చింది. వారు వాడినది న్యూక్లియస్ పద్ధతి: సంభావ్యతలను పెద్దదాని నుంచి చిన్నదానికి కూడుకుంటూ పోయి, మొత్తం ఒక నిర్ణీత వంతుకు చేరగానే మిగిలిన తోకను కొట్టేస్తారు. ఆ వంతును 1గా ఉంచితే, అంటే ఏమీ కోయకపోతే, పాఠం తేలిగ్గా పట్టుబడింది, బాగా తగ్గించి కోసినా తేలిగ్గానే పట్టుబడింది, సుమారు 0.92 నుంచి 0.98 మధ్య ఉన్నప్పుడు పట్టుకోవడం అన్నిటికన్నా కష్టమైంది. అంటే పట్టుబడే తీరు గిన్నె ఆకారంలో ఉంటుంది, అడుగు ఎక్కడో మధ్యలో ఉంటుంది. పైకి పోయినప్పుడు మోడల్ సరిగా నేర్వని తోక నుంచి పదాలు జారిపడతాయి. వాటిలో ఒక్కటి పడ్డా తర్వాతి వాక్యం దానిమీదే ఆధారపడుతుంది, మోడల్ శిక్షణలో ఎన్నడూ చూడని దారిలోకి పోతుంది. కిందికి పోయినప్పుడు మొదట చెప్పిన ఊహించదగినతనం పెరుగుతుంది. గ్రోవర్ గురించి తరచు ఉటంకించే మాట ఒకటుంది: ఇతర సాధనాలు 73 శాతం వద్ద ఆగినప్పుడు, గ్రోవర్ రచనను పట్టడంలో గ్రోవరే 92 శాతం సాధించి మిగిలినవాటిని మించింది. ఆ 92 శాతాన్ని యంత్రరచనను పట్టడంలో సాధారణ సామర్థ్యంగా చదవడం మాత్రం తప్పు. ఏ కోతతో రాశారో, ఏ మోడల్ రాసిందో పట్టేవారికి ముందే తెలిసినప్పటి సంఖ్య అది.

గిన్నెకు రెండు అంచులున్నా, ఆ అంచుల వద్ద పట్టేవారు మాత్రం వేరు. డాఫ్నీ ఇప్పొలీటో తదితరులు 2020లో ప్రచురించిన పరిశోధన దీన్ని తేల్చింది. టాప్-కెతో కోసిన పాఠం మనుషులను ఎక్కువగా మోసగించింది, యంత్ర సాధనాలకు అదే పాఠం అన్నిటికన్నా సులువుగా చిక్కింది. కోత లేకుండా తీసిన పాఠం దీనికి తలకిందులు. అందులోని అసంబద్ధతను మనుషులు పట్టారు, సాధనాలకు అది కష్టమైంది. మనిషి అర్థాన్ని చూస్తాడు, వాక్యం ముందువాక్యంతో పొసగకపోతే ఆగుతాడు. సాధనం పదాల పౌనఃపున్యాన్ని చూస్తుంది. ప్రతి వాక్యమూ సజావుగా ఉన్నా, సజావైన పదాలే మరీ ఎక్కువగా ఉన్నాయని గమనిస్తుంది. అందువల్ల "ఈ పాఠం గుర్తించదగినదేనా" అన్న ప్రశ్న "ఎవరికి" అన్నది చేర్చకపోతే అసంపూర్ణం. చదివి సహజంగా ఉందనుకున్న పాఠమే లెక్కలో దోషిగా తేలడం ఇందులో మామూలే.

ఈ ఫలితాలన్నీ ఇంగ్లీషు పాఠాలవి. వాటిని తెలుగుకు తెచ్చేముందు రెండు తేడాలను లెక్కలోకి తీసుకోవాలి. మొదటిది టోకెన్ల సంగతి. "తుని" అన్న చిన్న పేరు కంప్యూటర్‌లో తకారం, ఉకారం, నకారం, ఇకారం అనే నాలుగు గుర్తులుగా ఉంటుంది. ఒక్కొక్కటి మూడు బైట్లు కనుక మొత్తం పన్నెండు బైట్లు. జీపీటీ-2 వంటి, దాదాపు పూర్తిగా ఇంగ్లీషుపై తయారైన టోకెన్ జాబితా ఇటువంటి పేరును బైట్ల తునకలుగా చిదిమేస్తుంది. ఆ స్థితిలో టెంపరేచర్ ఎక్కువైతే తప్పు పదం రావడానికి ముందే తప్పు బైటు వచ్చి, అక్షరం బదులు ఖాళీ పెట్టె కనబడవచ్చు. అటువంటి రచనను పట్టడానికి ఏ సాధనమూ అవసరం లేదు. 2024లో రామ్‌శ్రీ గౌతమ్ గొల్ల, రవితేజ కలిసి గూగుల్ జెమ్మా ఆధారంగా నవరస అనే మోడల్‌ను పదిహేను భారతీయ భాషలకు, తెలుగుతో సహా, తీర్చిదిద్దారు. అది 200 కోట్లు, 700 కోట్ల పరామితుల రెండు పరిమాణాల్లో వచ్చింది. జెమ్మాను ఎన్నుకోవడానికి ఒక కారణం దాని టోకెన్ జాబితా రెండున్నర లక్షలకు మించి ఉండి, భారతీయ లిపులకు అందులో మెరుగైన చోటు దొరకడం.

టోకెన్లు చిన్నవైనప్పుడు సగటు అనూహ్యతకు అర్థం మారుతుంది. "ఆగింది" అన్న పదంలో మొదటి ముక్క పడ్డాక మిగిలిన ముక్కలు చాలావరకు నిర్ణయమైపోతాయి, అవి దాదాపు సున్నా అనూహ్యతతో వస్తాయి. టోకెన్‌కు ఎంత అని సగటు తీస్తే ఈ తేలిక ముక్కలు లెక్కను పలచన చేసి, మనిషి రచనను కూడా ఊహించదగినదిగా చూపిస్తాయి. ఇంగ్లీషు పాఠాలతో స్థిరపరచిన గీతను అలాగే ఉంచి తెలుగు వార్తను కొలిస్తే తీర్పు యంత్రం వైపు జారడానికి ఇదొక్కటే చాలు. నలభైకి కోయడం కూడా అదే పని కాదు: ఇంగ్లీషులో నలభై టోకెన్లు చాలావరకు నలభై వేర్వేరు పదాలకు దారి తీస్తే, తెలుగులో పదం మధ్యన ఉన్న చోట నలభై ఎంపికలు అవసరానికి మించినవి, పదం మొదట్లో ఉన్న చోట చాలనివి. అందుచేత తెలుగులో కొలత పదానికి కట్టాలి, ముక్కల అనూహ్యతలను కూడి పదం మొత్తానికి ఒకే సంఖ్య తీయాలి. అదైనా ప్రత్యయాలు అంటుకొని పొడవైన పదాలుగా మారే భాషకు పూర్తి న్యాయం చేయదు గానీ, టోకెన్ సగటుకన్నా నమ్మదగినది.

రెండవ తేడా చిన్న మోడల్ తోక స్వభావం. తెలుగులో క్రియ చివర కర్త లింగం, వచనం, పురుషలతో పొసగాలి. శిక్షణ పాఠం తక్కువగా ఉన్న చిన్న మోడల్ "ఛైర్‌పర్సన్ శంకుస్థాపన" అన్నంతవరకు రాశాక "చేశారు"కు పెద్ద సంభావ్యత ఇస్తూనే "చేశాడు", "చేసింది", "చేశాయి" వంటి రూపాలకు కూడా కొద్దికొద్దిగా పంచుతుంది. టెంపరేచర్ 1 వద్ద ఆ కొద్దిపాటి వాటా కూడా వందల పదాల్లో కొన్నిసార్లు పైకి తేలక తప్పదు, తేలిన ఒక్కసారికే పాఠకుడు వాక్యం దగ్గర ఆగుతాడు. గోదావరి జిల్లాల పాఠకుడికి మునిసిపల్ ఛైర్‌పర్సన్ గురించి "చేశాయి" అని చదవగానే కలిగే అనుమానం ఏ గణాంకమూ కలిగించలేదు. అందుకే చిన్న మోడళ్లను వాడేవారు టెంపరేచర్‌ను తగ్గించి పెడతారు, అప్పుడు వ్యాకరణం కుదుటపడుతుంది, దానితోపాటే పదజాలం ఇరుకవుతుంది. మనిషి కంటి నుంచి తప్పించుకోవడానికి చెల్లించిన మూల్యం సాధనం చేతికి చిక్కడం. పెద్ద మోడల్‌లో తోక శుభ్రంగా ఉంటుంది కనుక ఎక్కువ టెంపరేచర్ వద్ద నడపవచ్చు. పరిమాణం వల్ల కలిగే నిజమైన లాభం బహుశా ఇదే. చిన్న, పెద్ద మోడళ్లను ఒకే టెంపరేచర్ వద్ద పోల్చే ప్రయోగాలు ఈ లాభాన్ని తక్కువ చేసి చూపుతాయి, ఎందుకంటే వాడుకలో రెండూ ఒకే మీట స్థానంలో నడవవు.

తుని వార్త ఒకటి తీసుకుంటే తక్కువ టెంపరేచర్ దేన్ని చెరిపేస్తుందో దగ్గరగా కనిపిస్తుంది. 2016 జనవరి 31న కాపు గర్జన సభ రోజున తునిలో రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌ను తగలబెట్టారు. ఈ సంగతిని రాసిన విలేకరి వాక్యంలో "రత్నాచల్" అన్న పేరు తప్పనిసరి. మోడల్ కొలతలో అది ఎంతో అనూహ్యమైన పదం, ఎందుకంటే తుని మీదుగా పోయే రైళ్లు అనేకం. తక్కువ టెంపరేచర్ వద్ద రాసే చిన్న మోడల్ దాని బదులు "రైలుకు నిప్పు పెట్టారు" అని సర్దుకుంటుంది, లేకపోతే శిక్షణలో ఎక్కువసార్లు చూసిన మరో రైలు పేరు పెడుతుంది. పెద్ద మోడల్‌కు ఆ సంఘటన తెలిసి ఉండవచ్చు, తెలిస్తే ఆ పేరుకు అదే పెద్ద సంభావ్యత ఇస్తుంది. అప్పుడు టెంపరేచర్ తగ్గించినా పేరు నిలుస్తుంది. మనిషి రచనలో అనూహ్యత సమంగా పరచుకోదు, పేర్ల దగ్గర, అంకెల దగ్గర, ఎవరో అన్న మాట దగ్గర నిటారుగా లేచి, మిగిలినచోట చదునుగా ఉంటుంది. హార్వర్డ్, ఐబీఎం పరిశోధకులు 2019లో చేసిన జీఎల్‌టీఆర్ అనే సాధనం దీన్ని రంగుల్లో చూపింది: మోడల్ జాబితాలో మొదటి పదిలో ఉన్న పదానికి ఆకుపచ్చ, వందలోపు పసుపు, వెయ్యిలోపు ఎరుపు, ఆ పైన ఊదా. మనిషి పాఠంలో ఎరుపు, ఊదా తరచు మెరుస్తాయి, కోసిన యంత్ర పాఠం ఎక్కువగా పచ్చగా ఉంటుంది. ఆ రంగుల సాయంతో చదివినవారి గుర్తింపు 54 శాతం నుంచి 72 శాతానికి పెరిగింది.

ఇదే సాధనం ఒక మనిషిని అన్యాయంగా దోషిగా చూపే చోటు కూడా ఇక్కడే ఉంది. తెలుగు దినపత్రికల జిల్లా అనుబంధాల్లో వచ్చే మండల వార్తకు దశాబ్దాలుగా స్థిరపడిన అచ్చు ఉంది. మొదటి వాక్యంలో ఎవరో ఏదో అన్నారని ఉంటుంది, రెండవది "ఈ సందర్భంగా ఆయన మాట్లాడుతూ" అని మొదలవుతుంది, చివరిది కొన్ని పేర్ల తర్వాత "తదితరులు పాల్గొన్నారు" అని ముగుస్తుంది. ఈ పదాలు ఏ మోడల్‌కైనా కంఠస్థమే, వాటి అనూహ్యత సున్నాకు దగ్గర. పేర్లను మినహాయిస్తే మనిషి చేతితో రాసిన ఆ వార్త తక్కువ టెంపరేచర్ రచనలాగే కొలతకు వస్తుంది. ఇది తెలుగుకే పరిమితమైన చిక్కు కాదు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లీషు మాతృభాష కానివారు టోఫెల్ పరీక్షకు రాసిన వ్యాసాలను ఏడు సాధనాలకు చూపితే, సగటున 61 శాతం వ్యాసాలను అవి యంత్రానివని తప్పుగా తేల్చాయి. పరిమితమైన పదజాలంతో జాగ్రత్తగా రాసే మనిషీ, తక్కువ టెంపరేచర్ వద్ద రాసే యంత్రమూ ఒకే దిక్కున నిలబడతారు. సాధనం ఆ దిక్కును మాత్రమే చూడగలదు, నిలబడింది ఎవరో దానికి తెలియదు.

పరిమాణం ప్రశ్నకు మరో ముఖం ఉంది: రాసేదాని పరిమాణం సరే, పట్టేదాని పరిమాణం ఎంత ఉండాలి? పెద్ద మోడల్ రచనను పట్టడానికి అంతే పెద్దది కావాలన్నది సహజంగా తోచే ఊహ. నీలూఫర్ మిరేష్‌గల్లా తదితరులు 2023లో దీన్ని పరీక్షించి, ఊహకు విరుద్ధమైన ఫలితం చూపారు. పాఠాన్ని అక్కడక్కడ కొద్దిగా మార్చి, సంభావ్యత ఎంత పడిపోతుందో చూసే పద్ధతిలో చాట్‌జీపీటీ రచనను కొలిచినప్పుడు, 12.5 కోట్ల పరామితుల ఓపీటీ మోడల్ 0.81 అనే విలువ సాధించింది, 600 కోట్ల జీపీటీ-జే 0.45 వద్దే ఆగింది. ఈ కొలతలో 1 అంటే పొరపాటు లేని విభజన, 0.5 అంటే గుడ్డి ఊహ. అంటే పెద్దది గుడ్డి ఊహకన్నా తక్కువ. పెద్ద మోడల్ మనిషి రచనను కూడా యంత్రరచనంత సహజంగా భావిస్తుంది కనుక రెండింటి మధ్య తేడా దానికి చెరిగిపోతుందన్నది సమంజసమైన వివరణ. తనకే సొంతమైన రచనను పట్టేటప్పుడు మాత్రం ఆ మోడల్‌కే ఆధిక్యం ఉంటుంది, గ్రోవర్ విషయంలో చూసింది అదే.

మరి నేటి మోడళ్లు జీపీటీ-2 కన్నా వందల రెట్లు పెద్దవి కదా, అవి పట్టుబడకూడదు కదా అనిపిస్తుంది. అనుభవం అలా లేదు. 2024లో వచ్చిన బైనాక్యులర్స్ అనే పద్ధతి ఫాల్కన్ కుటుంబానికి చెందిన రెండు 700 కోట్ల మోడళ్ల అంచనాలను పోల్చి, చాట్‌జీపీటీ రచనలో 90 శాతానికి పైగా పట్టింది. మనిషి పాఠాల్లో పదివేలకు ఒకదాన్ని మాత్రమే తప్పుగా లెక్కించే స్థాయిలో గీత పెట్టి ఈ ఫలితం సాధించింది. కారణం పరిమాణంలో లేదు. సంభాషణకు తగినట్టుగా, మనుషుల మెప్పును బట్టి మోడళ్లకు రెండవ విడత శిక్షణ ఇస్తారు. ఆ శిక్షణ మెచ్చిన జవాబుల వైపు బరువును గుంజి, సంభావ్యతల జాబితాను మొనదేల్చుతుంది. జీపీటీ-4 సాంకేతిక నివేదికలోనే ఈ శిక్షణ తర్వాత మోడల్ అంచనాలకు, నిజానికి మధ్య పొందిక దెబ్బతిన్నట్టు ఒక పటం ఉంది. ఆ స్థితిలో మీట మీద టెంపరేచర్ 1 అని కనిపించినా, లోపల అది అప్పటికే చల్లబడి ఉంటుంది. పరిమాణం దగ్గరకు చేర్చిన మోడల్‌ను తర్వాతి శిక్షణ మళ్లీ దూరం జరిపిందన్నమాట. శిక్షణ మొదటి దశలోనే ఉన్న మోడళ్లను, సంభాషణ మోడళ్లను కలగలిపి "పెద్దవి", "చిన్నవి" అని గీసిన పటాల విలువ ఇందువల్ల తగ్గుతుంది.

దీనికి ఎదురుగా, ఒకసారి వాడిన పదాల సంభావ్యతను ఉద్దేశపూర్వకంగా తగ్గించే పునరుక్తి శిక్ష అనే చిన్న మార్పు పట్టుకునే సాధనాలను బాగా దెబ్బతీస్తుంది. పదకొండు మోడళ్ల నుంచి అరవై లక్షలకు పైగా పాఠాలు పోగుచేసిన రైడ్ అనే 2024 నాటి పరీక్షా సంకలనం ఈ విషయాన్ని స్పష్టంగా చూపింది. పరామితులను ఎన్ని రెట్లు పెంచినా రాని ఫలితం ఎన్నిక పద్ధతిలో ఒక్క సంఖ్య మార్చినందుకు వచ్చింది. జీపీటీ-2 పట్టికలో కనిపించిన పోలికే ఇక్కడా ఉంది.

ఈ చిక్కుల నుంచి బయటపడటానికి ప్రతిపాదించిన నీటిగుర్తు పద్ధతి కూడా టెంపరేచర్‌కే కట్టుబడి ఉంది. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో 2023లో రూపొందిన పద్ధతిలో, ప్రతి అడుగులోనూ ముందు వచ్చిన టోకెన్‌ను బట్టి పదజాలంలో ఒక భాగాన్ని రహస్యంగా ఎంచి, ఆ భాగంలోని పదాలను కొంచెం ముందుకు తోస్తారు. రహస్యం తెలిసినవారు తర్వాత లెక్కించి, ఆ పదాలు ఉండవలసినదానికన్నా ఎక్కువ ఉన్నాయని తేల్చుతారు. గూగుల్ డీప్‌మైండ్ 2024 అక్టోబర్‌లో నేచర్ పత్రికలో వివరించిన సింథ్‌ఐడీ మరో దారిలో అదే పని చేస్తుంది. రెండింటికీ ఎంపికకు చోటుండాలి. "సేదతీరింది"కి 12 శాతం ఉన్నచోట గుర్తు పెట్టడం సులువు, ఒక శాతం లోపుకు పడిపోయిన చోట కష్టం, టెంపరేచర్ సున్నా వద్ద ఎంపిక మీద ఆధారపడే గుర్తుకు అసలు చోటే లేదు. "ఈ సందర్భంగా ఆయన మాట్లాడుతూ" అన్న నాలుగు పదాల్లో "ఈ సందర్భంగా" పడ్డాక మిగిలిన రెండింటిని మార్చితే వార్త వార్తలా ఉండదు, మార్చకపోతే అందులో ఏ గుర్తూ ఇమడదు. మండల వార్తలో గుర్తు పట్టేంత ఎంపిక మిగిలేది పేర్ల మధ్య ఉన్న వర్ణనలో, ఒకరి మాటను విలేకరి తన వాక్యంలోకి మలిచిన చోట మాత్రమే; అటువంటి వాక్యాలు పదిహేను పంక్తుల వార్తలో రెండో మూడో ఉంటాయి.